ఒకటికి పైనా, ఒకటికి కిందా

2018 మే నెల మొదట్లో కేరళలోని పేరాంబ్ర తాలూకా ఆసుపత్రికి ఒక యువకుడు తీవ్ర జ్వరంతో వచ్చాడు. అక్కడి నుంచి కోళికోడ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగ్ కోసం కారిడార్‌లో ఉంచినప్పుడు అతను ఆగకుండా దగ్గుతూనే ఉన్నాడు. మే 5న చనిపోయాడు. అతనికి వచ్చింది నిపా అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అతని ఇంట్లో వాళ్లు, అతనికి సేవ చేసిన నర్సు, ఆ ఆసుపత్రుల్లో వేరే పనుల మీద ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు మంచం పట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ విడత జబ్బుపడినవాళ్లు 19 మంది. వాళ్లలో 17 మంది పోయారు, ఇద్దరే బతికి బయటపడ్డారు.

నిపాకు టీకా లేదు, కచ్చితంగా పనిచేస్తుందని చెప్పగలిగే మందూ లేదు. అయినా జూన్ మొదటికల్లా కొత్త కేసులు ఆగిపోయాయి. 2019లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి వచ్చింది, అతని నుంచి ఇంకెవరికీ సోకలేదు. 2021లో మళ్లీ కోళికోడ్‌లో ఒక బాలుణ్ణి పొట్టన పెట్టుకుంది, అప్పుడూ ఆ ఒక్కరితోనే ఆగింది. 2023లో ఆరుగురి దాకా పాకి ఆగింది. పట్టిందంటే ప్రాణం తీసే వైరస్, జనం కిక్కిరిసి ఉండే రాష్ట్రంలోకి పదేపదే వచ్చి కూడా పదుల సంఖ్య దాటలేకపోయింది.

దీని పక్కన తట్టును పెట్టి చూడండి. చాలామంది పిల్లలు పది రోజుల్లో కోలుకుంటారు. ప్రాణం తీసే శక్తిలో నిపాతో దానికి పోలికే లేదు. కానీ రక్షణ లేని ఊళ్లోకి వచ్చిందంటే ఇల్లిల్లూ తిరిగి గాని వదలదు. జబ్బు ఎంత భయంకరమైనదన్న దానికీ, అది ఎంతమందికి పాకుతుందన్న దానికీ సంబంధం లేదని ఈ రెండింటినీ చూస్తే తెలుస్తుంది. రెండో సంగతిని కొలిచే కొలత వేరే ఉంది. అంటువ్యాధుల నిపుణులు దాన్ని ప్రాథమిక పునరుత్పత్తి సంఖ్య అంటారు. మాటల్లో మాత్రం ‘ఆర్ నాట్’ అనేస్తారు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో ఆ పేరు చాలాసార్లు విన్నాం.

ఒక జబ్బు ఇదివరకు ఎవరికీ రాని, టీకా ఎవరూ వేయించుకోని జనంలోకి ఒక రోగి వచ్చాడనుకుందాం. అతను కోలుకునేలోగా, లేదా చనిపోయేలోగా, అతని నుంచి నేరుగా ఎంతమందికి సోకుతుంది? ఆ సగటే ఆర్ నాట్. అతని నుంచి అంటించుకున్నవాళ్లు ఇంకెంతమందికి అంటించారన్నది ఇందులోకి రాదు. అది తర్వాతి తరం లెక్క.

నిపాకు ఈ సంఖ్యను ఎలా కనిపెట్టారో చూస్తే అసలు విషయం పట్టుబడుతుంది. బంగ్లాదేశ్‌లో దాదాపు ఏటా చలికాలంలో నిపా కనిపిస్తుంది. మనం ఈతచెట్టు అనే చెట్టుకే అక్కడ రాత్రిపూట కుండలు కట్టి, దిగిన రసాన్ని తెల్లవారుజామున పచ్చిగా తాగుతారు. రాత్రి గబ్బిలాలు వచ్చి ఆ ధారను నాకుతాయి, కుండలో మూత్రం పోస్తాయి. వైరస్ అలా మనిషికి చేరుతుంది. 2001 నుంచి 2014 వరకు అక్కడ నమోదైన 248 మంది రోగుల వివరాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఎవరు రసం తాగారు, ఎవరు రోగి పక్కన కూర్చున్నారు, ఎవరు ఎవరికి అన్నం తినిపించారు అన్నీ చూశారు. మొత్తంలో 82 మందికి మరో మనిషి నుంచి సోకిందని, మిగతా 166 మందికి నేరుగా రసం నుంచో, అలాంటి మరో దారిలోనో వచ్చిందని తేలింది. అంటే 248 మంది రోగులు కలిసి అంటించింది 82 మందికి. భాగిస్తే 0.33 వస్తుంది. ముగ్గురు రోగులు కలిస్తే గాని ఒక కొత్త రోగి తయారుకాడు.

ఇప్పుడు ఆ గొలుసును ముందుకు నడిపించండి. గబ్బిలాల నుంచి వందమందికి వచ్చిందనుకుంటే, వాళ్ల నుంచి 33 మందికి, వాళ్ల నుంచి 11 మందికి, వాళ్ల నుంచి నలుగురికి, తర్వాత ఒకరికి. అక్కడితో సరి. మొత్తం కలిపితే సుమారు 150 మంది. నిజంగా జరిగినదీ అదే. 166 మందితో మొదలై 248 దగ్గర ఆగింది, మొదటివాళ్లకు దాదాపు ఒకటిన్నర రెట్లు. సంఖ్య ఒకటికి తక్కువైతే గొలుసు దానంతట అదే తెగిపోతుంది, ఎవరూ ఏమీ చేయకపోయినా సరే. ఒకటికి ఎక్కువైతే ప్రతి తరమూ ముందు తరం కంటే పెద్దదవుతుంది. అందుకే 0.9కీ 1.1కీ మధ్య తేడా చూడటానికి చిన్నదైనా, ఒకటి ఆరిపోయే దారి, రెండోది రాజుకునే దారి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోళికోడ్‌లో ఒక్క రోగి నుంచే చాలామందికి సోకినప్పుడు సగటు 0.33 అనడం ఎలా కుదురుతుంది? సగటు అంటే అందరూ అంతే అని కాదు గనుక కుదురుతుంది. నిపా రోగుల్లో అత్యధికులు ఎవరికీ అంటించరు. ఏ కొద్దిమందో చాలామందికి అంటిస్తారు. బంగ్లాదేశ్ లెక్కల్లోనే చూస్తే, 45 ఏళ్లు పైబడి, ఊపిరి ఆడక అవస్థపడుతున్న రోగుల్లో ఆ సంఖ్య సుమారు 1.1 వచ్చింది, అంటే ఒకటి దాటింది. దగ్గుతూ ఆయాసపడే రోగిని కిక్కిరిసిన ఆసుపత్రి కారిడార్‌లో ఉంచితే అక్కడ వైరస్‌కు దొరికే అవకాశం పల్లెటూరి ఇంట్లో దొరికేలాంటిది కాదు. కేరళలో జబ్బు పేరు తెలిశాక రోగులను విడిగా ఉంచారు, సేవ చేసేవాళ్లకు రక్షణ దుస్తులిచ్చారు, రెండు వేల మందికి పైగా పరిచయస్తులను కనిపెట్టి గమనించారు. వైరస్ మారలేదు, దానికి దొరికే మనుషులు తగ్గారు. ఈ సంఖ్య సూక్ష్మజీవి ఒంటిమీద చెరగని ముద్రగా ఉండేది కాదు. సూక్ష్మజీవి, మనుషులు, వాళ్లు బతికే తీరు, ఈ మూడూ కలిసి తయారుచేసేది.

ఈ ‘గీత కింద, గీత పైన’ అనే ఆలోచనకు మూలం వెతికితే మన సికింద్రాబాద్ తగులుతుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే బేగంపేటలో, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద చూస్తూ మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. దోమలను తన మీద కుట్టనిచ్చినందుకు ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి తెచ్చిన పని ఇదే. ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఆ తర్వాతి కథ మనలో చాలామందికి తెలియదు. మలేరియాకు దోమ కారణమైతే దోమలను తగ్గించాలని రాస్ వాదించారు. ఊళ్లో దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం, ఒక్కటి మిగిలినా జబ్బు మిగిలినట్టే కదా అని అధికారులు కొట్టిపారేశారు. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో చేసిన ప్రయత్నం ఫలించకపోవడంతో వాళ్ల మాటకు బలం వచ్చింది. రాస్ దానికి అంకెలతో జవాబు చెప్పారు. మారిషస్‌లో మలేరియా నివారణ మీద 1908లో ఇచ్చిన నివేదికలో ఆయన వేసిన లెక్క ఇలా సాగుతుంది. ఊళ్లో ఉన్న దోమల్లో మనిషిని కుట్టగలిగేది నాలుగింట ఒకటి. కుట్టిన దోమల్లో పరాన్నజీవి లోపల పెరిగి పక్వానికి వచ్చేదాకా బతికి ఉండేది మూడింట ఒకటి. ఇన్ని గండాలు దాటితే గాని ఒకరి జబ్బు ఇంకొకరికి చేరదు. కాబట్టి దోమలు ఒక స్థాయి కంటే తగ్గితే, ఒక రోగి స్థానంలో మరో రోగి పుట్టకముందే పాత రోగి కోలుకుంటాడు, మలేరియా దానంతట అది పోతుంది. చివరి దోమ దాకా చంపనక్కర్లేదు, గీత కిందికి దించితే చాలు. ప్రజారోగ్య శాస్త్రంలో ఇంత ధైర్యం ఇచ్చిన ఆలోచన మరొకటి లేదని నా నమ్మకం.

రాస్ లెక్కను 1950లలో జార్జ్ మెక్డొనాల్డ్ ముందుకు తీసుకెళ్లారు. మలేరియాకు ఈ పునరుత్పత్తి సంఖ్యను స్పష్టంగా కట్టింది ఆయనే. దోమల సంఖ్య కంటే దోమ ఆయుష్షు ముఖ్యమని ఆయన చూపించారు. పరాన్నజీవి దోమ కడుపులో పెరిగి కాటు దాకా రావడానికి పది రోజులు పడుతుందనుకుందాం. రోజుకు పదింట ఒక దోమ చనిపోతుంటే పది రోజుల తర్వాత నూటికి 35 మిగులుతాయి. రోజుకు పదింట రెండు చనిపోతే మిగిలేవి 11 మాత్రమే. దోమల చావు రెట్టింపైతే ప్రమాదం మూడో వంతుకు పడిపోతుంది. రక్తం తాగి గోడ మీద వాలిన దోమను చంపేలా ఇంటి లోపలి గోడలకు మందు కొట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. మందు పట్టించిన దోమతెరలు కూడా దోమ ఆయుష్షును ఇలాగే తగ్గిస్తాయి.

మనిషి నుంచి మనిషికి నేరుగా పాకే జబ్బులకు ఈ లెక్క ఇంకా తేలిక. రోగి రోజుకు ఎంతమందికి దగ్గరవుతాడు, దగ్గరైన వాళ్లలో ఎంతమందికి సోకుతుంది, ఎన్ని రోజులు అంటిస్తాడు, ఈ మూడింటినీ గుణిస్తే సరిపోతుంది. రోజుకు పదిమందిని కలిసి, పదింట ఒకరికి అంటిస్తూ, ఐదు రోజులు తిరిగితే ఐదు. ఇవి ఒకదానితో ఒకటి గుణించే అంకెలు కాబట్టి మూడింటిలో దేన్ని సగం చేసినా మొత్తం సగమవుతుంది. నిపా రోగి బాగా జబ్బుపడి మంచాన ఉన్నప్పుడే ఎక్కువగా అంటిస్తాడు, అదీ ఒంటి స్రావాలు తగిలేంత దగ్గరగా ఉన్నవాళ్లకు. కాబట్టి మొదటి రెండు అంకెలూ చిన్నవే. తట్టు సంగతి అలా కాదు. ఒంటి మీద దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందే, అంటే మామూలు జలుబు జ్వరమనుకుని బిడ్డను అందరిలో తిప్పుతున్నప్పుడే అంటించడం మొదలవుతుంది. బిడ్డ గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండగలదు. రక్షణ లేనివాళ్లు దగ్గర్లో పదిమంది ఉంటే తొమ్మిది మందికి సోకుతుంది. అన్ని అంకెలూ పెద్దవే.

2020లో ఈ లెక్క ప్రపంచమంతటా కళ్లముందు నడిచింది. మాస్కులు, బడుల మూసివేత, ప్రయాణాల ఆంక్షలు కోవిడ్‌కూ, ఏటా వచ్చే ఫ్లూకూ ఒకేసారి తగిలాయి. కోవిడ్ పూర్తిగా ఆగలేదు. ఫ్లూ మాత్రం ఆ ఏడాది దాదాపు మాయమైంది. మామూలు ఫ్లూ సంఖ్య 1.3 ప్రాంతంలో ఉంటుంది. నాలుగో వంతు తగ్గిస్తే 0.98, గీత దాటి కిందికి వచ్చేసింది. మొదట్లో వచ్చిన కోవిడ్‌ది రెండున్నర, మూడు. దాన్ని అదే గీత కిందికి దించాలంటే అరవై శాతం పైగా తగ్గించాలి. ‘బి యమగాట’ అనే ఒక ఫ్లూ తెగ 2020 మార్చి తర్వాత మళ్లీ నిర్ధారణగా కనిపించనే లేదు. దాన్ని ఫ్లూ టీకాల్లోంచి తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సలహా ఇచ్చింది.

గీతకు చాలా పైనున్న జబ్బు అడ్డు లేకుండా తిరిగితే ఏమవుతుందో 1846లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల్లో తెలిసింది. ఉత్తర అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే ఆ దీవుల్లో అప్పటి జనాభా సుమారు 7,800. 1781 తర్వాత అక్కడ తట్టు రాలేదు. మార్చి చివర్లో కోపెన్‌హేగన్ నుంచి ఓడలో ఒక వడ్రంగి దిగాడు. కొద్దిరోజులకు తట్టు బయటపడింది. ఆరునెలలు తిరిగేసరికి దాదాపు ఆరువేల మందికి సోకింది. ప్రభుత్వం పంపిన పీటర్ పానుమ్ అనే పాతికేళ్ల వైద్యుడు పడవల్లో ఊరూరా తిరిగి, ఎవరు ఏ రోజున ఎవరిని కలిశారు, దద్దు ఏ రోజున వచ్చింది అని రాసుకున్నాడు. సోకిన నాటి నుంచి దద్దు కనబడేదాకా పద్నాలుగు రోజులని తేల్చింది ఆయనే. ఆ పద్నాలుగు రోజులను ఒక తరంగా పెట్టుకుని, తట్టుకు పుస్తకాల్లో చెప్పే 12 నుంచి 18 మధ్య 15ను తీసుకోండి. ఒకరు, పదిహేను మంది, 225 మంది, 3,375 మంది. దారిలో ఎవరూ అడ్డుపడకపోతే నెలన్నరలో ఆ స్థాయికి చేరుతుంది. నిజంగా అంత వేగంగా పాకలేదు. దీవికీ దీవికీ మధ్య సముద్రం ఉంది, కొన్ని ఊళ్లు బయటివాళ్లను రానివ్వకుండా కాచుకున్నాయి.

పానుమ్ గమనించిన మరో సంగతి ఇంకా విలువైనది. 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. అరవై అయిదేళ్ల తర్వాత వచ్చిన తట్టు వాళ్ల జోలికి పోలేదు. ఒకసారి వస్తే జన్మకు రక్షణ. ఆ దీవుల్లో అది ఎందుకు ఆగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆర్ నాట్ అనేది అందరూ రక్షణ లేనివాళ్లైనప్పటి సంఖ్య. జబ్బు పాకేకొద్దీ కోలుకున్నవాళ్లు పెరుగుతారు. రోగి కలిసే పదిహేను మందిలో పద్నాలుగు మందికి ఇదివరకే వచ్చి ఉంటే, అంటించగలిగేది ఒక్కరికే. అంతకంటే తగ్గితే గొలుసు తెగుతుంది. నిపా అంటించే శక్తి లేక ఆరిపోతుంది, తట్టు అంటించడానికి మనుషులు దొరక్క ఆరిపోతుంది. చిన్న దీవిలో తట్టు ఎంత ఉధృతంగా వచ్చినా నిలవలేదు, మళ్లీ రావాలంటే ఓడ ఎక్కి రావాల్సిందే. రోజూ కొత్త పిల్లలు పుట్టే లక్షల జనాభా ఉన్న నగరంలోనే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

టీకా చేసేది ఈ పద్నాలుగు మందిని జబ్బు రాకుండానే తయారుచేయడం. మన దేశంలో తట్టు, రూబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేస్తారు. రెండోది ఎందుకు, మొదటిది వేయించాం కదా అని అడిగే తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ ప్రశ్నకు లెక్కలో జవాబుంది. వందమంది పిల్లల్లో 95 మందికి మొదటి డోసు పడిందనుకోండి, అది మంచి పనితీరే. కానీ తొమ్మిది నెలల వయసులో ఆ టీకా నూటికి 85 మందిలోనే పట్టుతుంది. అంటే రక్షణ వచ్చింది 81 మందికి. మిగిలింది 19 మంది, అయిదుగురు టీకా పడనివాళ్లు, పద్నాలుగు మంది టీకా పట్టనివాళ్లు. పదిహేనును 0.19తో గుణిస్తే 2.85. దాదాపు అందరికీ టీకా వేసిన ఊళ్లో కూడా తట్టు ఒకరి నుంచి ముగ్గురికి పాకుతూ పోగలదు. రెండో డోసు కూడా ఆ 95 మందికీ వేస్తే, మొదటిసారి పట్టని పద్నాలుగు మందిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లకు పట్టుతుంది. ఇప్పుడు రక్షణ లేనివాళ్లు ఆరుగురు. పదిహేనును 0.06తో గుణిస్తే 0.9. రెండో డోసు వేయించిన రోజున ఆ ఊరు గీత కిందికి వచ్చింది.

ఆ 0.9 ఎంత బిగువుగా ఉందో గమనించండి. ఒకటికి పదో వంతు దూరమే. అది కూడా ఆ ఆరుగురూ వందమందిలో చెదురుగా ఉంటేనే. అందరూ ఒకే బస్తీలో, ఒకే ఇటుక బట్టీలో, వలస వచ్చిన ఒకే గుడిసెల వరసలో ఉంటే, జిల్లా సగటు ఎంత బాగున్నా ఆ గుడిసెల వరసకు సంబంధించినంతవరకు అది టీకా ఎరగని ఫారో దీవే. 2022 చివర్లో ముంబైలో గోవండి లాంటి ఇరుకు బస్తీల్లో తట్టు విరుచుకుపడింది ఇలాగే. కోవిడ్ రెండేళ్లలో టీకా తప్పిపోయిన పిల్లలు అక్కడ ఒకేచోట పోగుపడి ఉన్నారు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. తట్టుకు 12 నుంచి 18 అని ఎక్కడ చూసినా రాస్తారు, నేనూ అదే వాడాను. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఊళ్లలో లెక్కగట్టిన విలువలన్నిటినీ 2017లో ఒకచోట పెట్టి చూస్తే, అవి నాలుగులోపు నుంచి రెండు వందల పైదాకా ఉన్నాయని తేలింది. వైరస్ ఒకటే, ఇళ్లు వేరు, బడులు వేరు, ఒక్కో గదిలో పడుకునేవాళ్ల సంఖ్య వేరు. కాబట్టి 95 శాతం టీకా అనే లక్ష్యం అన్ని ఊళ్లకూ ఒకేలా సరిపోదు. జనం ఒత్తుకుని బతికే చోట అంతకంటే ఎక్కువే కావాలి. టీకా వేసే ఏఎన్‌ఎం రిజిస్టరులో ఊరి మొత్తం శాతం పక్కన, ఏ వాడలో ఏ ఇళ్ల పిల్లలకు రెండో డోసు పడలేదన్న జాబితా విడిగా ఉండాల్సింది ఇందుకే.